ఆరోపణ ఉన్న వార్త రాసేటప్పుడు: పరువు నష్టం కేసుకు ముందే సిద్ధపడటం ఎలా?

జర్నలిజం విద్యార్థులకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది: "నిజం రాస్తే కేసు ఎలా పెడతారు సార్?" పెడతారు. కేసు వేయడానికి మీ వార్త అబద్ధమే కానక్కర్లేదు, ఎవరికో నొప్పి కలిగితే చాలు. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. "నేను రాసింది నిజమని ఎందుకు నమ్మాను? నమ్మే ముందు ఏమేం చూశాను? రెండేళ్ల తర్వాత మేజిస్ట్రేటు అడిగితే కాగితాలతో చూపించగలనా?" ఆ కాగితాలు నోటీసు వచ్చాక వెతుక్కుంటే దొరకవు. దొరికినా లాభం తక్కువ, ఎందుకంటే అచ్చయ్యే రోజు నాటికి మీ దగ్గర ఏముందన్నదే కోర్టు చూస్తుంది. అందుకే ఈ పనులన్నీ వార్త డెస్క్‌కు వెళ్లేలోపు అయిపోవాలి.

ముందు కాస్త చట్టం. మన రాజ్యాంగంలో పత్రికలకంటూ విడిగా హక్కేమీ రాయలేదు. 19(1)(ఎ) అధికరణ కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటనా స్వేచ్ఛలోనే పత్రికా స్వేచ్ఛ కూడా ఉందని సుప్రీంకోర్టు 1950 నాటి రొమేశ్ థాపర్ కేసు నుంచీ చెబుతూ వస్తోంది. ఆ స్వేచ్ఛకు 19(2) కింద పెట్టగల పరిమితుల్లో పరువు నష్టం పేరు నేరుగా ఉంది. అంటే అక్రిడిటేషన్ కార్డు ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో ఒకటే లెక్క. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడమే తప్పన్న వాదన 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. నాకు ఆ తీర్పు నచ్చదు. కానీ అదే ఇప్పుడు చట్టం.

మీ మీదకు రెండు దారుల్లో రావచ్చు. ఒకటి సివిల్ దావా: డబ్బు అడుగుతారు. అచ్చయిన ఏడాదిలోపు వేయాలి. రెండోది క్రిమినల్ ఫిర్యాదు: 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్, అంతకుముందు ఐపీసీ 499, 500. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఫిర్యాదుకు గడువు మూడేళ్లు. ఈ రెండింటికీ మధ్య విద్యార్థులు తరచూ మరిచిపోయే తేడా ఒకటుంది. సివిల్ దావాలో "నేను రాసింది నిజం" అని రుజువు చేస్తే కథ అక్కడితో ముగిసింది. క్రిమినల్ కేసులో నిజమొక్కటే చాలదు, అది ప్రచురించడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి.

మరో వైపు నుంచి చూస్తే క్రిమినల్ చట్టంలోనే మనకు పనికొచ్చే ఏర్పాటు కూడా ఉంది. 356 కింద పది మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మొదటిదానికి నిజం కావాలి. తొమ్మిదోదానికి అలా కాదు. సద్భావంతో, ప్రజాహితం కోసం చేసిన ఆరోపణ అయితే చాలు. సద్భావం అంటే మనసు మంచిదైతే సరిపోతుందని కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా నమ్మినదేదీ సద్భావం కాదని చట్టమే నిర్వచించింది. 1957లో హర్భజన్ సింగ్ అనే ఆయన నాటి పంజాబ్ ముఖ్యమంత్రి కొడుకు స్మగ్లర్లకు నాయకుడంటూ పత్రికా ప్రకటన ఇచ్చారు. కొడుకు కేసు పెట్టారు. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1965లో సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేస్తూ చెప్పిన సారాంశం మీకు బాగా గుర్తుండాలి: తొమ్మిదో మినహాయింపు కోరేవాడు ఆరోపణ నిజమని రుజువు చేయనక్కర్లేదు, తగిన జాగ్రత్త తీసుకుని నమ్మానని చూపితే చాలు. అదీ ప్రాసిక్యూషన్ చూపాల్సినంత గట్టిగా కాదు, సివిల్ కేసులో లాగా "ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం" అన్న మోతాదులో చూపితే సరిపోతుంది.

ఇక పనిలోకి వద్దాం. ఒక ఊహాజనిత వార్త తీసుకుందాం. మీ కాలేజీ ప్రయోగ పత్రికకో, జిల్లా ఎడిషన్‌కో రాశారనుకోండి.

"కాలువ మింగిన కాంట్రాక్టర్! నాలుగో వార్డులో మురుగు కాలువ పేరుతో రూ.18 లక్షలు స్వాహా అయ్యాయి. 400 మీటర్లకు బిల్లు తీసుకుని 260 మీటర్లే కట్టారు. ఏఈ, కమిషనర్ వాటాలు పంచుకున్నట్లు స్థానికులు ఆరోపిస్తున్నారు. ప్రజాధనాన్ని ఇలా ఖర్చు చేయడం సిగ్గుచేటు. సదరు కాంట్రాక్టర్‌పై గతంలో చీటింగ్ కేసు ఉంది. భార్యతో విడాకుల కేసు కూడా నడుస్తోంది."

జిల్లా పేజీల్లో ఇలాంటివి రోజూ కనిపిస్తాయి. దీన్ని విప్పి చూద్దాం.

మొదటి పని: వాక్యాలను విడగొట్టండి

ప్రింటవుట్ తీసుకుని ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి. వాస్తవమా, వ్యాఖ్యా, వేరొకరి మాటా? వాస్తవమంటే కొలిచో, కాగితం చూసో నిజమో కాదో తేల్చగలిగేది. వ్యాఖ్య అంటే ఆ వాస్తవాల మీద మీ తీర్పు.

"260 మీటర్లే కట్టారు" వాస్తవం. టేపు పెట్టి తేల్చవచ్చు. "సిగ్గుచేటు" వ్యాఖ్య. "వాటాలు పంచుకున్నారు" దగ్గర చాలామంది తడబడతారు. అది విమర్శలా వినిపిస్తుంది కానీ నిజానికి వాస్తవ ప్రకటన. డబ్బు చేతులు మారిందని చెబుతోంది. దాని ముందు "నా అభిప్రాయంలో" అని చేర్చినా, చివర ప్రశ్నార్థకం పెట్టి "కమిషనర్‌కూ వాటా?" అన్నా అది వ్యాఖ్య అయిపోదు. వ్యంగ్యంగా, ఎత్తిపొడుపుగా అన్నా అది ఆరోపణేనని చట్టంలోని వివరణే చెబుతోంది.

"స్థానికులు ఆరోపిస్తున్నారు" మూడో రకం. మన పత్రికా భాషలో ఇదో తాయెత్తు. కట్టుకుంటే ఏమీ కాదని నమ్మకం. కానీ వేరొకరి ఆరోపణను మీరు అచ్చు వేస్తే, దాన్ని మీరూ చేసినట్టే కోర్టు చూస్తుంది. ఆ స్థానికులెవరు? పేరు చెప్పి మాట్లాడటానికి ఒక్కరైనా ఉన్నారా? వాళ్లకు ఎలా తెలుసు? ఈ మూడింటికీ మీ నోట్‌బుక్‌లో జవాబు లేకపోతే ఆ వాక్యం పోవాలి. "విశ్వసనీయంగా తెలిసింది", "సమాచారం" అన్నవి కూడా ఇదే జాతి.

పేరు రాయకుండా "ఓ కాంట్రాక్టర్" అని తప్పించుకోవచ్చా? ఆ వార్డులో ఆ కాలువ కట్టింది ఒక్కరే. ఊళ్లో నలుగురికి ఎవరో తెలిసిపోతే పేరు రాసినట్టే. పైగా పేరు దాచి రాస్తే ఊళ్లో ఇలాంటి పనులే చేసే మిగతా ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు కూడా "మమ్మల్నే అన్నారు" అని రావచ్చు.

రెండో పని: ఒక్కో వాస్తవానికి ఒక్కో కాగితం

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. కేసులు నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

400 మీటర్లకు బిల్లు అయిందని మీకెలా తెలుసు? ఆఫీసులో ఎవరో చెప్పారంటే చాలదు. పని ఎంత జరిగిందో ఏఈ రికార్డు చేసేది మెజర్‌మెంట్ బుక్‌లో, ఆఫీసు భాషలో ఎంబీ. దాని ఆధారంగానే బిల్లు పాస్ అవుతుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ ఎంబీ పేజీలు, వర్క్ ఆర్డర్, అంచనా, బిల్లు చెల్లింపు వివరాల ధ్రువీకృత నకళ్లు అడగండి. మామూలుగా ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ చట్టం కింద పనిని, రికార్డులను స్వయంగా పరిశీలించే హక్కు కూడా ఉంది, దాన్ని చాలా తక్కువ మంది వాడుకుంటారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటో కంటే ఆఫీసు ముద్ర ఉన్న నకలు ఎన్నో రెట్లు మేలు.

రెండో వైపు కాలువ. టేపు తీసుకుని వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి. వార్డులో ఉండే ఒకరిద్దరిని, వీలైతే ఆ పని తెలిసిన ఇంజనీరును తీసుకెళ్లండి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇంటి గుర్తులతో రాసుకోండి, చివర తేదీ, సమయం వేసి వాళ్లతో సంతకం చేయించుకోండి. వీడియో తీస్తే అసలు ఫైలును తీసిన ఫోన్‌లోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఎడిట్ చేసి, టైటిల్ వేసి, యూట్యూబ్‌లో పెట్టిన ముక్క ఒక్కటే మిగిలితే అప్పుడు ఇబ్బంది పడతారు.

ఇప్పుడు లెక్క చూడండి. 18 లక్షలు 400 మీటర్లకు. అంటే మీటరుకు రూ.4,500. 260 మీటర్లు కట్టింది నిజమే అయితే తేడా 140 మీటర్లు, రూ.6.30 లక్షలు. మరి మన వార్తలో "18 లక్షలు స్వాహా" అని ఎలా వచ్చింది? హెడ్డింగ్‌కు పెద్ద అంకె బాగుంటుందని. ఈ ఒక్క పొరపాటు చాలు, మిగతా వార్తంతా నిజమైనా "తగిన జాగ్రత్త తీసుకోలేదు" అని అవతలి లాయరు చూపించడానికి.

మూడో పని: వివరణ అడగండి, నిజంగా అడగండి

"వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అనే వాక్యం రాత్రి తొమ్మిదికి ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి రాసేది కాకూడదు. ఆరోపణలన్నీ స్పష్టంగా రాసి, ఒక్కో దానికి జవాబు కోరుతూ మెసేజ్‌గానో, మెయిల్‌గానో, ఆఫీసులో రసీదు తీసుకుని కాగితంగానో ఇవ్వండి. ఎప్పటిలోగా కావాలో చెప్పండి. అత్యవసరం లేని ఇలాంటి వార్తకు రెండు రోజుల సమయం ఇవ్వడం న్యాయం. ముగ్గురినీ విడివిడిగా అడగండి: కాంట్రాక్టర్, ఏఈ, కమిషనర్. ఏఈ చెప్పింది కాంట్రాక్టర్‌కు వర్తించదు.

మన ఉదాహరణలో ఏఈ ఇలా జవాబిచ్చాడనుకుందాం: "మెయిన్ రోడ్డు పక్కన స్థలం వివాదం వచ్చి అక్కడ ఆపాం. రివైజ్డ్ ఎస్టిమేట్ వేసి వెనక సందులో 90 మీటర్లు కట్టాం." వెళ్లి చూడండి. నిజంగానే సందులో 90 మీటర్ల కాలువ ఉంది. రివైజ్డ్ ఎస్టిమేట్ కాపీ కూడా ఇచ్చాడు. ఇప్పుడు తేడా 140 కాదు, 50 మీటర్లు. రూ.6.30 లక్షలు కాదు, రూ.2.25 లక్షలు. వార్త చచ్చిపోలేదు, చిన్నదైంది, గట్టిపడింది. ఈ జవాబు తీసుకోకుండా అచ్చు వేసి ఉంటే, మొదటి వాయిదాలోనే ఆ రివైజ్డ్ ఎస్టిమేట్ మీ ముందు పెట్టేవాళ్లు.

జవాబు ఇచ్చినవాళ్ల మాటను వార్త చివర్లో ఒక లైనుగా కాకుండా, ఆరోపణకు దగ్గర్లోనే, అర్థం మారకుండా వేయండి. జవాబు ఇవ్వకపోతే ఏ తేదీన, ఏ రూపంలో అడిగారో రాయండి.

ఈ జాగ్రత్తకు సివిల్ వైపు కూడా విలువ ఉంది. హత్య కేసుల్లో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ మీద 1994లో వచ్చిన ఆర్. రాజగోపాల్ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ప్రభుత్వాధికారి తన ఉద్యోగ బాధ్యతలకు సంబంధించిన వార్త మీద నష్టపరిహారం అడిగితే, ఆ వార్త తప్పని తేలినా, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని అధికారి చూపించలేకపోతే దావా నిలవదని ఆ తీర్పు చెప్పింది. తగినంత సరిచూసుకుని రాశానని విలేకరి చూపితే చాలు. అయితే రెండు సంగతులు గమనించండి. ఈ రక్షణ ఏఈ, కమిషనర్ల విషయంలో దొరుకుతుంది, ప్రైవేటు మనిషైన కాంట్రాక్టర్ విషయంలో ఇంత ధీమాగా చెప్పలేం. పైగా అది నష్టపరిహారం దావాల గురించి చెప్పిన సూత్రం. క్రిమినల్ ఫిర్యాదుకు మళ్లీ 356 మినహాయింపులే దిక్కు.

నాలుగో పని: ప్రజా ప్రయోజనం ఎక్కడిదాకా?

కాలువ డబ్బు మున్సిపాలిటీది, కాబట్టి ఆ వార్త ప్రజలకు సంబంధించినదే. అందులో వాదించడానికేమీ లేదు. కానీ ప్రజా ప్రయోజనం వార్త మొత్తానికి ఒకేసారి వర్తించదు. ప్రతి వాక్యానికీ విడిగా ఆ ప్రశ్న వేయాలి.

విడాకుల కేసు కాలువకు ఏ రకంగా సంబంధం? ఏ రకంగానూ కాదు. అది నిజమే అయినా తీసేయండి. ఉంచితే "వీళ్లకు నామీద కక్ష" అనే వాదనకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. చీటింగ్ కేసు సంగతి కొంచెం వేరు. అది కూడా ప్రభుత్వ పనికి సంబంధించినదే అయితే చెప్పుకోవచ్చు. కానీ ఆ కేసు ఏమైందో తెలుసుకోకుండా రాయకూడదు. ఎఫ్ఐఆర్ అయింది నాలుగేళ్ల కింద, కోర్టు కొట్టేసింది పోయిన ఏడాది అయితే, "కేసు ఉంది" అన్నది అబద్ధం. కోర్టు వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి చూడటానికి పది నిమిషాలు పట్టదు.

పోలీసు ప్రెస్‌మీట్ల గురించి ఇక్కడే ఒక మాట. కోర్టు విచారణను, తీర్పును ఉన్నది ఉన్నట్టు రాస్తే నాలుగో మినహాయింపు రక్షిస్తుంది. శాసనసభలో, పార్లమెంటులో జరిగింది దాదాపు యథాతథంగా, దురుద్దేశం లేకుండా రాస్తే 361ఎ అధికరణ రక్షిస్తుంది. లోక్‌మత్ పత్రిక సంపాదకుడి మీద పెట్టిన ఫిర్యాదును 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది ఇలాంటి పరిస్థితిలోనే. నిధుల దుర్వినియోగంపై అసెంబ్లీలో మంత్రి ఇచ్చిన జవాబును పేర్లతో సహా ఆ పత్రిక ప్రచురించింది. అది సభలో జరిగిన దానికి సరైన నివేదిక అని, సద్భావంతో వేశారని కోర్టు చెప్పింది. అయితే స్పీకర్ రికార్డుల నుంచి తొలగించిన మాటలకు ఈ ధైర్యం పనికిరాదు. సీఐ టేబుల్ వెనక నిలబెట్టిన మనిషిని చూపించి చెప్పిన కథకు కూడా ఇదే స్థాయి రక్షణ లేదు. అక్కడ "నిందితుడు" అనే మాట దాటకండి. "దొంగ", "మోసగాడు" అని రాసే హక్కు కోర్టు తీర్పు వచ్చేదాకా మీకు లేదు.

ఐదో పని: వ్యాఖ్య ఎంత ఘాటుగా ఉండొచ్చు?

విద్యార్థులు ఇక్కడ అనవసరంగా భయపడతారు. సమంజసమైన వ్యాఖ్య అంటే మర్యాదైన వ్యాఖ్య అని కాదు. ఘాటుగా, ఒకవైపు మొగ్గి, మీ ఎడిటర్‌కు నచ్చకుండా కూడా ఉండవచ్చు. కోర్టు అడిగేవి కొన్నే. అది వ్యాఖ్యేనని చదివేవాడికి తెలుస్తోందా? ఏ వాస్తవాల మీద ఆధారపడిందో అక్కడే చెప్పారా, ఆ వాస్తవాలు నిజమేనా? విషయం ప్రజలదేనా? మీరు నిజంగా అలా అనుకునే రాశారా, లేక పాత పగ తీర్చుకున్నారా?

"50 మీటర్ల కాలువ ఎక్కడుందో ఎంబీ రాసిన అధికారే చెప్పలేకపోతున్నారు. ఇలా బిల్లులు పాస్ చేయడం సిగ్గుచేటు." ఇది నిలబడే వ్యాఖ్య. వాస్తవం ముందుంది, తీర్పు తర్వాత వచ్చింది. చదివినవాడు వాస్తవం చూసి మీ తీర్పుతో విభేదించవచ్చు కూడా. "ఈ ఏఈ లంచగొండి" ఆధారం చూపలేని వాస్తవం. ప్రభుత్వోద్యోగి అధికారిక ప్రవర్తన మీద సద్భావంతో చెప్పిన అభిప్రాయాన్ని రెండో మినహాయింపు, ప్రజా సమస్యలో ఎవరి ప్రవర్తన మీదైనా చెప్పిన అభిప్రాయాన్ని మూడోది కాపాడతాయి. సినిమా రివ్యూలు రాసేవాళ్లకు ఆరోది ఉంది: జనం ముందు పెట్టిన ప్రదర్శన గుణదోషాలు. "నటన దండగ" అనవచ్చు. "కలెక్షన్లు దొంగలెక్కలు" అంటే అది నటన గురించి కాదు.

పగ సంగతి ఎందుకన్నానంటే, మన జిల్లాల్లో దానికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. చాలా చోట్ల కంట్రిబ్యూటర్‌కు వార్తతో పాటు యాడ్ టార్గెట్ కూడా ఉంటుంది. పండగ యాడ్ కోసం కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, అతను ఇవ్వనన్న వారానికి కాలువ వార్త వస్తే, వార్త అక్షరాలా నిజమైనా ఆ కాల్ రికార్డింగ్ కోర్టులో వినిపిస్తుంది. దాంతో సద్భావం పోతుంది, బెదిరించి వసూళ్లు చేశారన్న సెక్షన్ కూడా పక్కన చేరవచ్చు. ఎవరి మీద వార్త పని చేస్తున్నారో వాళ్లను యాడ్ అడగకండి. టార్గెట్ ఒత్తిడి ఉంటే ఆ విషయం బ్యూరోకు ముందే చెప్పి, వేరొకరికి అప్పగించండి.

తిరగరాసిన వార్త

"నాలుగో వార్డులో 50 మీటర్ల కాలువ ఎక్కడ? నాలుగో వార్డులో 400 మీటర్ల మురుగు కాలువ కట్టినట్లు ఎంబీలో నమోదు చేసి, మున్సిపాలిటీ రూ.18 లక్షలు చెల్లించింది. ఈ పత్రిక ప్రతినిధి స్థానికుల సమక్షంలో కొలిచినప్పుడు మెయిన్ రోడ్డు పక్కన 260, వెనక సందులో 90, మొత్తం 350 మీటర్లే ఉన్నాయి. మిగతా 50 మీటర్లకు, చెల్లించిన రేటు ప్రకారం రూ.2.25 లక్షలు అవుతుంది. స్థల వివాదం వల్ల డిజైన్ మార్చామని, మిగిలిన పని పరిశీలించి చెబుతామని ఏఈ తెలిపారు. కాంట్రాక్టర్‌కు, కమిషనర్‌కు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి రెండు రోజులు గడిచినా జవాబు రాలేదు."

కాంట్రాక్టర్ దొంగ అని ఎక్కడా అనలేదు. అయినా చదివిన వార్డు కౌన్సిలర్ మరుసటి రోజు ఏమడగాలో అదే అడుగుతాడు. హెడ్డింగ్‌ను మాత్రం మీ కంటితో చూసుకోండి. డెస్క్‌లో సబ్ ఎడిటర్ రాత్రి పదింటికి "కాలువ మింగేశారు" అని మార్చేస్తే, వెబ్‌లో థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం గీసి కాంట్రాక్టర్ ముఖం పెడితే, మీ శ్రమంతా వృథా. వార్త పంపేటప్పుడే "హెడ్డింగ్‌లో అవినీతి, స్వాహా పదాలు వద్దు, ఆధారం లేదు" అని నోట్ పెట్టండి. ఆ నోట్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

నోటీసు వస్తే

లీగల్ నోటీసులో పది కోట్లు, వంద కోట్లు అని ఉంటే టెన్షన్ పడకండి. నోటీసులో అంకె వేయడానికి ఖర్చేమీ లేదు. అదే అంకెతో దావా వేయాలంటే దానికి తగ్గ కోర్టు ఫీజు కట్టాలి, అందుకే చాలా నోటీసులు అక్కడే ఆగిపోతాయి. అలాగని పక్కన పడేయకూడదు.

ముందుగా ఏదీ డిలీట్ చేయకండి, పోస్టు కూడా. అవతలివాళ్లకు ఫోన్ చేసి సర్దిచెప్పకండి, వాట్సాప్‌లో సారీ పెట్టకండి. అది తర్వాత ఒప్పుకోలుగా తిరిగొస్తుంది. ఎడిటర్‌కు నోటీసు కాపీ, మీ ఫైలు ఇచ్చి లాయరుతో జవాబు ఇప్పించండి. వార్తను ఆపే ఇంజంక్షన్ కోసం కోర్టుకు వెళ్తారన్న అనుమానం ఉంటే, మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దంటూ సీపీసీ 148ఎ కింద కేవియట్ వేయమని లాయరును అడగండి. అది తొంభై రోజులు పనిచేస్తుంది. విచారణకు ముందే వార్తను తీసేయమనే ఏకపక్ష ఉత్తర్వులు తేలిగ్గా ఇవ్వకూడదని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ ఎంటర్‌టైన్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లాయరు చేతిలో ఆ తీర్పు ఉండాలి.

స్టేషన్ నుంచి "ఒకసారి రండి" అని ఫోన్ వస్తే ఏ సెక్షనో అడగండి. పరువు నష్టం ఒక్కటే అయితే అది నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. బాధితుడు నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 223 ప్రకారం ఫిర్యాదును కోర్టు పరిగణనలోకి తీసుకునే ముందే నిందితుడి మాట కూడా వినాలి. ఆ దశలోనే మీ ఫైలు మొదటిసారి పనికొస్తుంది. అయితే అక్కడే కేసు పోతుందని లెక్కేసుకోకండి. బ్లిట్జ్ పత్రిక సంపాదకుడు కరంజియా కేసులో ప్రభుత్వ విచారణ నివేదిక ఆధారంగా వార్త రాశారని హైకోర్టు కేసు కొట్టేస్తే, సద్భావం, ప్రజాహితం అన్నవి విచారణలో తేలాలంటూ 1981లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. కాగితం ఉన్నా ఒక్కోసారి కోర్టు మెట్లు ఎక్కక తప్పదు.

ఫిర్యాదు చేసింది ప్రభుత్వమే అయితే దారి మారుతుంది. ప్రభుత్వోద్యోగి విధుల మీద వచ్చిన వార్తకు ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ నేరుగా సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 30న వచ్చిన జీవో 2430 ఇలాంటి కేసులు పెట్టే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు అప్పగించి పెద్ద దుమారం రేపింది. 2020 మేలో మద్రాసు హైకోర్టు తమిళనాడు ప్రభుత్వం మీడియాపై పెట్టిన ఇలాంటి ఫిర్యాదులను కొట్టేస్తూ, ప్రాసిక్యూటర్ ప్రభుత్వం ఇచ్చింది అందించే పోస్టాఫీసులా ఉండకూడదని, నిజంగా నేరం ఉందో లేదో తానే చూడాలని చెప్పింది. మీ కేసు ఇలాంటిదైతే అనుమతి ఉత్తర్వు కాపీ మొదట తెప్పించుకోండి. ఏ వాక్యం ఏ ఉద్యోగి విధులకు సంబంధించిందో అందులో లేకపోతే అదే మీ మొదటి వాదన.

నోటీసులో చూపిన తప్పు నిజంగా తప్పే అయితే సవరణ వేయండి. ఎక్కడ వార్త వచ్చిందో అదే పేజీలో, ఏ వాక్యం తప్పో, సరైనది ఏమిటో చెబుతూ. ఒప్పుకునేది ఆ వాక్యం వరకే. "మొత్తం వార్తను ఉపసంహరించుకుంటున్నాం" అని లాయరు చూడకుండా రాయకండి. ఇక నోట్‌బుక్, ఎంబీ నకళ్లు, సంతకాలున్న కొలతల కాగితం, ప్రశ్నలు పంపిన మెసేజ్‌లు ఒక కవర్లో పెట్టి, మీద వార్త తేదీ రాసి మూడేళ్లు దాటేదాకా దాచండి. గడువు దాటాక కూడా ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడిగే వీలుంటుంది కాబట్టి నాలుగైదేళ్లు ఉంచితే ఇంకా మంచిది. ఫోన్ మార్చే ముందు ఆ వీడియో ఫైలు సంగతి మాత్రం మరిచిపోకండి.